బ్రాండ్ పేరు జనంలోకి వెళ్తోందా లేదా: సర్వేకి డబ్బుల్లేనప్పుడు చూసుకోవడం ఎలా

మన పేరు ఎంతమందికి తెలుసు అన్న ప్రశ్నకి సరైన జవాబు సర్వేలోనే దొరుకుతుంది, అందులో డౌట్ లేదు. కానీ అది ఎందుకంత ఖర్చో ఒకసారి లెక్క చూడండి. వందమందిని అడిగితే పదిమంది తెలుసు అన్నారనుకోండి, ఆ పది శాతం అసలు నాలుగైనా అయ్యుండొచ్చు, పదహారైనా అయ్యుండొచ్చు. నాలుగొందల మందిని అడిగినా అటో ఇటో మూడు శాతం తేడా ఉంటుంది. ఇక పోయినసారి పది శాతం ఉన్నది ఈసారి పన్నెండు అయ్యిందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో విడతకి దాదాపు 3,800 మందిని అడగాలి, అది కూడా మనకి సంబంధం లేని మనుషుల్ని. చిన్న కంపెనీకి అది అయ్యే పని కాదు. అలాగని మన కస్టమర్లకే ఒక ఫారం పంపి, వచ్చిన నంబర్‌ని అవేర్‌నెస్ అని స్లైడ్‌లో పెట్టడం ఇంకా తప్పు, ఎందుకంటే వాళ్ళకి మనం తెలుసు కాబట్టే కస్టమర్లయ్యారు.

అందుకని రెండు చుట్టుదారులు వాడతాం. ఒకటి షేర్ ఆఫ్ వాయిస్, అంటే మన కేటగిరీలో జనం కళ్ళకి చెవులకి చేరే మాటల్లో మన వాటా ఎంత అని. మొదట్లో దీన్ని యాడ్ ఖర్చులో వాటాగానే లెక్కేసేవాళ్ళు, 1990లో జాన్ ఫిలిప్ జోన్స్ అనే అడ్వర్టైజింగ్ ప్రొఫెసర్ ఈ వాటాని మార్కెట్ షేర్ పక్కన పెట్టి చూపించిన దగ్గర్నుంచి మార్కెటింగ్ వాళ్ళ నోళ్ళలో బాగా నానింది. రెండోది బ్రాండ్ సెర్చ్ వాల్యూమ్, మన పేరుని టైప్ చేసి ఎంతమంది వెతుకుతున్నారు అని. దీన్ని పోటీ బ్రాండ్ల సెర్చ్‌లతో కలిపి వాటాగా తీస్తే షేర్ ఆఫ్ సెర్చ్ అంటారు, 2020లో లెస్ బినెట్ అనే అడ్వర్టైజింగ్ ఎక్స్‌పర్ట్ కార్లు, ఎనర్జీ, మొబైల్ ఫోన్ల డేటాతో ఇది మార్కెట్ షేర్ కన్నా ముందే కదులుతుందని చూపించాక అందరూ పట్టుకున్నారు.

నేను చెప్పదల్చుకుంది ఒకటే. షేర్ ఆఫ్ వాయిస్ అనేది మనం లోపలికి వేసింది, బ్రాండ్ సెర్చ్ అనేది బయటికి వచ్చింది. ఏ ఒక్కటీ అవేర్‌నెస్ కాదు, రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే ఏమైనా తెలుస్తుంది. అది కూడా బ్రాండ్ సెర్చ్‌ని శుభ్రం చేశాకే. నేను ఒకప్పుడు శుభ్రం చేయకుండా అరవై శాతం గ్రోత్ అని రిపోర్ట్ ఇచ్చి, దాన్ని నమ్మి ఆ రిపోర్ట్ తీసుకున్నవాళ్ళు బడ్జెట్ వేసుకున్నాక, పెరిగినదాంట్లో సగానికి పైగా పాత కస్టమర్ల లాగిన్ సెర్చ్‌లే అని తెలిసి చాలా బాధపడ్డాను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

ఒక ఉదాహరణ పెట్టుకుని వెళ్దాం. చిన్న వ్యాపారులకి బిల్లులు వేసుకునే యాప్ ఒకటి ఉంది, పేరు "తార" అనుకుందాం, ఇది ఊరికే ఉదాహరణకి పెట్టిన పేరు, కింద నంబర్లు కూడా లెక్క అర్థమవ్వడానికి పెట్టినవే. పోటీలో మూడు బ్రాండ్లు, ఒకటి చాలా పెద్దది, ఒకటి మధ్యస్థం, ఒకటి మన సైజుదే. ఏప్రిల్-జూన్‌ని అక్టోబర్-డిసెంబర్‌తో పోల్చి చూస్తాం, అన్నీ మూడు నెలల సగటులే, ఎందుకంటే ఒక్క నెల నంబర్ ఎటైనా ఊగుతుంది.

ముందు మీ పేరుని ఎన్ని రకాలుగా టైప్ చేస్తున్నారో రాసుకోండి

గూగుల్ సెర్చ్ కన్సోల్ అంటే మన సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే టూల్. అందులో పర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి క్వెరీల లిస్ట్‌ని, అంటే జనం టైప్ చేసిన మాటల లిస్ట్‌ని, ఓపిగ్గా కిందదాకా చదవండి. ఇంగ్లీషులో ఒక స్పెల్లింగ్, దానికి ఒక తప్పు స్పెల్లింగ్, తెలుగు లిపిలో ఒకటి, ఇట్లా కనీసం నాలుగైదు రూపాలు కనిపిస్తాయి. "తార" లాంటి పేరుతో ఇంకో చిక్కు ఉంది, అది మనుషుల పేరు, నక్షత్రం అని కూడా అర్థం, కాబట్టి ఒట్టి "తార" అన్న సెర్చ్ మనది అని చెప్పలేం. యావరేజ్ పొజిషన్ చూస్తే ఇది పట్టుబడుతుంది. నిజంగా మన కోసమే వెతికే క్వెరీకి మనం ఒకటో రెండో స్థానంలో ఉంటాం. ఎనిమిదిలోనో పదిలోనో ఉన్నామంటే గూగుల్‌కే అది మనదని అనిపించట్లేదు, ఆ క్వెరీ వదిలేయండి. మామూలు మాట పేరుగా పెట్టుకున్న వాళ్ళు పేరు పక్కన కేటగిరీ మాట ఉన్నవే లెక్కలోకి తీసుకోవాలి. నంబర్ చిన్నదవుతుంది, పర్లేదు, మనకి కావాల్సింది సైజు కాదు, కదలిక.

ఫిల్టర్‌లో కస్టమ్ రెజెక్స్, అంటే చాలా రూపాలని ఒకేసారి పట్టే ప్యాటర్న్, పెట్టి ఇలా రాస్తే సరిపోతుంది:

```
(tara|thara|తార).*(bill|app|invoice|login|log in|లాగిన్|care|helpline|update|refund|not working|బిల్|యాప్)
```

క్లిక్‌లు కాదు, ఇంప్రెషన్లు, అంటే రిజల్ట్స్‌లో మనం ఎన్నిసార్లు కనిపించామో అది చూడండి. మన పేరుకి మనమే పైన ఉంటాం కాబట్టి ఆ ఇంప్రెషన్ల సంఖ్య దాదాపు ఎన్నిసార్లు వెతికారో దానికి దగ్గరగా ఉంటుంది. పేజ్ ఫిల్టర్ మాత్రం పెట్టకండి, పెడితే ఒకే సెర్చ్‌లో మన పేజీలు మూడు కనిపిస్తే మూడుగా లెక్కపడే అవకాశం ఉంది. మరీ అరుదైన క్వెరీలని గూగుల్ ప్రైవసీ కోసం దాచేస్తుంది, అందుకని ఈ లెక్క ఎప్పుడూ అసలు కన్నా కొంచెం తక్కువే ఉంటుంది, కానీ ప్రతి నెలా అలాగే తక్కువ ఉంటుంది కాబట్టి పోల్చుకోవడానికి ఇబ్బంది లేదు. కన్సోల్ 16 నెలల డేటానే ఉంచుతుంది, కాబట్టి ఇవాళే ఒక షీట్ తెరిచి నెలనెలా దించుకోవడం మొదలుపెట్టండి, లేకపోతే రెండేళ్ళ తర్వాత వెనక్కి చూడ్డానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్‌లో గూగుల్ ఒకే పేజీలో వంద రిజల్ట్స్ చూపించే సెట్టింగ్ తీసేసింది. దాన్ని సైట్లు ఎన్నో స్థానంలో ఉన్నాయో చూసే ర్యాంక్ ట్రాకర్ బాట్లు తెగ వాడేవి, అది పోయాక చాలా సైట్లకి ఇంప్రెషన్లు ఒక్కసారిగా పడిపోయాయి. పైన ఉండే బ్రాండ్ క్వెరీల మీద దెబ్బ తక్కువే గానీ, ఆ నెలకి ముందూ తర్వాతా పోల్చేటప్పుడు కారణం ఇదేనేమో అని ఒకసారి చూస్కోండి.

పాత కస్టమర్లని తీసేయండి, అసలు పని ఇదే

తార యాప్‌కి పై ఫిల్టర్‌తో ఏప్రిల్-జూన్‌లో నెలకి 6,000, అక్టోబర్-డిసెంబర్‌లో 9,600 వచ్చాయనుకోండి. అరవై శాతం పెరుగుదల, చూడ్డానికి ఎంత బాగుందో. ఇప్పుడు రెండో ఫిల్టర్ పెట్టండి:

```
(tara|thara|తార).*(login|log in|లాగిన్|customer care|helpline|update|refund|not working)
```

ఇవి మనల్ని కొత్తగా తెలుసుకున్నవాళ్ళు టైప్ చేసే మాటలు కావు. యాప్ వాడుతున్నవాళ్ళు బుక్‌మార్క్ పెట్టుకోకుండా రోజూ పేరు కొట్టి లోపలికి వస్తారు, కస్టమర్లు పెరిగేకొద్దీ ఇవీ పెరుగుతాయి. ఇంకా ఘోరం ఏంటంటే సర్వర్ ఒకరోజు పడిపోతే ఆరోజు "పని చేయట్లేదు" అన్న సెర్చ్‌లతో గ్రాఫ్ పైకి లేస్తుంది, మనం దాన్ని పండగలా చూపించుకుంటాం. రెండో ఫిల్టర్‌లో మొదటి క్వార్టర్‌కి నెలకి 2,400, చివరి క్వార్టర్‌కి 5,000 వచ్చాయి. తీసేస్తే మిగిలింది 3,600 నుంచి 4,600. అరవై శాతం కాస్తా ఇరవై ఎనిమిది అయింది.

ఈ రెండో లిస్ట్‌లో ఏ మాటలు పెట్టాలనేది మీ వ్యాపారం బట్టి మీరే తేల్చుకోవాలి. "ధర", "రివ్యూ", "ఫలానాది మంచిదా ఇది మంచిదా" లాంటివి తీసేయకుండా లెక్కలోనే ఉంచాలి, అవి కొత్తవాళ్ళ ప్రశ్నలు. "డౌన్‌లోడ్" మాత్రం నాకు ఎప్పుడూ తేలని మాట, కొత్తవాళ్ళూ కొడతారు, ఫోన్ మార్చిన పాతవాళ్ళూ కొడతారు, నేనైతే ఉంచుతాను. ఏది నిర్ణయించినా లిస్ట్ ఒకచోట రాసిపెట్టి మళ్ళీ మార్చకండి, మారిస్తే వెనక నెలలన్నీ కొత్త లిస్ట్‌తో తిరగలెక్క వేయాలి.

కేటగిరీ గాలి తీసేయండి

మిగిలిన ఇరవై ఎనిమిది శాతం కూడా మొత్తం మనది కాదు. ఏడాది చివర్లో బిల్లింగ్ యాప్‌ల కోసం వెతికేవాళ్ళే పెరిగి ఉండొచ్చు, అప్పుడు అందరి పేర్లూ ఎక్కువే వెతుకుతారు. గూగుల్ ట్రెండ్స్‌లోకి వెళ్ళి ఏ బ్రాండ్ పేరూ లేని కేటగిరీ మాటల్ని ప్లస్ గుర్తుతో కలిపి పెట్టండి:

```
billing app + billing software + invoice maker
```

మొదటి క్వార్టర్ సగటు 50, చివరి క్వార్టర్ సగటు 60 వచ్చిందనుకుందాం, అంటే కేటగిరీయే ఇరవై శాతం పెరిగింది. మన 1.278ని 1.20తో భాగిస్తే 1.065 వస్తుంది. అసలు పెరుగుదల ఆరున్నర శాతం. అరవైతో మొదలుపెట్టి ఆరున్నర దగ్గర తేలాం, బాధగానే ఉంటుంది, కానీ ఈ ఆరున్నర మీద నిలబడి మాట్లాడొచ్చు.

పోటీవాళ్ళ పక్కన పెట్టి చూడండి

పోటీ బ్రాండ్ల సెర్చ్ కన్సోల్ మన చేతిలో ఉండదు కాబట్టి ఇక్కడ ట్రెండ్సే గతి. ట్రెండ్స్ ఇచ్చేది సెర్చ్‌ల సంఖ్య కాదు, ఆ గ్రాఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పాయింట్‌ని 100 చేసి మిగతావాటిని దాని లెక్కన చూపిస్తుంది. ఇక్కడే చిన్న బ్రాండ్లు దెబ్బతింటాయి. పెద్ద బ్రాండ్ పక్కన పెడితే మన గీత 4 దగ్గర పాకుతూ ఉంటుంది, అది 5 అయితే పాతిక శాతం పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ 4.4 కాస్తా 4.6 అయినా గ్రాఫ్‌లో పడేది 4 నుంచి 5కే, అంతా రౌండింగ్ మాయ.

దీనికి మందు మెట్లు కట్టుకోవడం. మనల్ని మన సైజు బ్రాండ్‌తో మాత్రమే పోల్చండి. తర్వాత ఆ బ్రాండ్‌ని మధ్యస్థంతో, మధ్యస్థాన్ని పెద్దదాంతో పోల్చండి. మన ఉదాహరణలో మొదటి క్వార్టర్‌కి మనం 42, మన సైజుది 60, అంటే మనం దాంట్లో 0.70. పై మెట్లు కూడా ఇలాగే ఎక్కి అన్నిటినీ ఒకే కొలతకి తెస్తే పెద్దది 48, మధ్యస్థం 22, మన సైజుది 6, మనం 0.70 ఇంటూ 6 కాబట్టి 4.2. మొత్తం 80.2, అందులో మన వాటా 5.2 శాతం. చివరి క్వార్టర్‌కి మనం 49, అవతలిది 62, నిష్పత్తి 0.79, మనం 4.7 అయ్యాం, పెద్దది 49 అయింది, మిగతావి అలాగే ఉన్నాయి, మన వాటా 5.8 శాతం దాకా వచ్చింది. కన్సోల్ లెక్కా ఇదీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి, పెరిగాం, కొంచెమే పెరిగాం.

ట్రెండ్స్ మొత్తం సెర్చ్‌లని కాకుండా శాంపిల్‌ని తీసుకుంటుంది కాబట్టి ఇవాళ దించిన ఫైల్ రేపు దించినదానితో సరిగ్గా కలవదు, పేరు చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. మూడు వేర్వేరు రోజుల్లో దించి సగటు తీస్కోండి. ఒక బ్రాండ్‌ని సెర్చ్ టర్మ్‌గా, ఇంకోదాన్ని టాపిక్‌గా ఎంచుకుని పోల్చకండి, టాపిక్‌లో అన్ని స్పెల్లింగ్‌లూ భాషలూ కలిసిపోతాయి, పెద్ద బ్రాండ్లకి అది దొరుకుతుంది, మనకి దొరకదు, అప్పుడు మనం ఊరికే చిన్నగా కనిపిస్తాం. ఇంకోటి, లాగిన్ సెర్చ్‌లు పెద్ద బ్రాండ్‌కి మనకన్నా చాలా ఎక్కువుంటాయి, ట్రెండ్స్‌లో మైనస్ గుర్తు పనిచేస్తుంది కాబట్టి అందరి పేర్ల పక్కనా `-login` పెట్టి ఒకసారి చూడండి, వాటాలు గట్టిగా మారితే ఆ తర్వాత నుంచి అలాగే తీస్కోండి.

ఇప్పుడు షేర్ ఆఫ్ వాయిస్

పోటీవాళ్ళు ఎంత యాడ్ ఖర్చు పెడుతున్నారో తెలిస్తే మంచిదే, చాలామందికి తెలీదు. సోషల్ మీడియా మెన్షన్లు, యాడ్లు, వార్తలు, సెర్చ్ అన్నీ కలిపి ఒకే నంబర్ చేసే టూల్స్ ఉంటాయి, నాకైతే ఆ కలిపిన నంబర్ మీద నమ్మకం లేదు, ఒక మెన్షన్‌కీ ఒక యాడ్‌కీ బరువు ఎవరు నిర్ణయించారో ఎవరూ చెప్పరు. ఒక్క చానెల్ పట్టుకుని దాన్ని నిజాయితీగా కొలవడం మేలు.

చేతి లెక్కతో అయ్యేది ఇలా చేయండి. కేటగిరీలో జనం అడిగే ముప్పై ప్రశ్నలు ఖరారు చేస్కోండి, వాటిలో ఏ బ్రాండ్ పేరూ ఉండకూడదు. నెలలో ఒకే తేదీన, ఇన్‌కాగ్నిటో విండోలో, ఒక్కోదానికి మొదటి ఐదు రిజల్ట్స్ ఎవరివో రాయండి. మొత్తం 150 స్థానాలు. అందులో మనవి ఎన్నో అది మన వాటా. తారకి మొదట్లో 6 స్థానాలు, అంటే 4 శాతం, చివర్లో 15 స్థానాలు, 10 శాతం. గూగుల్ యాడ్స్ నడిపేవాళ్ళు దాంతోపాటు కేటగిరీ కీవర్డ్‌ల సెర్చ్ ఇంప్రెషన్ షేర్‌ని, అంటే మన యాడ్ కనిపించే వీలున్న సార్లలో నిజంగా కనిపించిన వాటాని, వేరే గళ్ళో రాసుకోండి, కలపకండి.

రెండూ పక్కన పెట్టాక ఏం చదవాలి

మన దగ్గర ఇప్పుడు ఉన్నది ఇది. వాయిస్ 4 నుంచి 10కి వెళ్ళింది, రెండున్నర రెట్లు. సెర్చ్ వాటా 5.2 నుంచి 5.8కే వచ్చింది. జనం మనల్ని అంతగా చూస్తుంటే మన పేరు ఎందుకు వెతకట్లేదు? రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఇంకా అంత టైం కాలేదు, చూసిన పేరు అవసరం వచ్చినప్పుడు గుర్తొచ్చి టైప్ చేయడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రెండోది, చూస్తున్నారు గానీ పేరు ఎక్కట్లేదు.

ఇది తేల్చడానికి ఆ కొత్త 9 స్థానాలు ఏ ప్రశ్నల్లో వచ్చాయో వెనక్కెళ్ళి చూడండి. తార విషయంలో ఎనిమిది స్థానాలు "ఇన్‌వాయిస్ ఫార్మాట్ ఫ్రీ", "బిల్ టెంప్లేట్" లాంటి ప్రశ్నల్లో వచ్చాయి, "మంచి బిల్లింగ్ యాప్ ఏది" లాంటి దాంట్లో ఒకటే వచ్చింది. టెంప్లేట్ కోసం వచ్చినాయన ఫైల్ దించుకుని వెళ్ళిపోతాడు, సైట్ పేరు కూడా చూడడు. అంటే వాయిస్ పెరిగిందనుకున్నాం గానీ అందులో మన పేరు పలికింది ఒక్కచోటే. కొనే ఉద్దేశం ఉన్న ప్రశ్నలని వేరు చేసి వాటి మీద మాత్రమే వాటా తీస్తే ఈ ఆరు నెలల్లో పెద్దగా కదల్లేదని తేలుతుంది, అప్పుడు సెర్చ్‌లో ఆ చిన్న పెరుగుదల సరిగ్గా అర్థమవుతుంది. చేయాల్సిన పని కూడా కనిపిస్తుంది, ఆ టెంప్లేట్ మీద పేరు కనిపించేలా పెట్టాలి, కొనే ప్రశ్నల్లోకి వెళ్ళాలి.

దీనికి తిరగేసిన పరిస్థితి కూడా వస్తుంది, వాయిస్ కదలకుండా బ్రాండ్ సెర్చ్ ఒక్కసారిగా లేవడం. అప్పుడు ముందు పేరు పక్కన ఏ మాటలు వస్తున్నాయో చదవండి. "మోసం", "రిఫండ్", "డేటా లీక్" లాంటివి కనిపిస్తే అవేర్‌నెస్ పెరిగిన మాట నిజమే గానీ అది మనం కోరుకున్న రకం కాదు. అలాంటివేమీ లేకపోతే మనకి తెలీకుండా ఎవరో వీడియోలోనో ఏదైనా గ్రూప్‌లోనో మన గురించి చెప్పి ఉంటారు, వెతికి పట్టుకోండి.

ఒక ప్రాంతంలో మాత్రమే క్యాంపెయిన్ వేస్తే ఫలితం ఇంకా స్పష్టంగా చూడొచ్చు, కానీ సెర్చ్ కన్సోల్ దేశం దాటి కిందికి చూపించదు. దానికి నేను చేసేది, గూగుల్ యాడ్స్‌లో మన పేరు మీద ఎగ్జాక్ట్ మ్యాచ్‌తో చిన్న బడ్జెట్ క్యాంపెయిన్ పెట్టి లొకేషన్ వారీగా ఇంప్రెషన్లు తీయడం. ఇంప్రెషన్ షేర్‌తో భాగిస్తే అసలు సెర్చ్‌లు ఉజ్జాయింపుగా తెలుస్తాయి, 800 ఇంప్రెషన్లు, 80 శాతం షేర్ అంటే దాదాపు 1,000 సెర్చ్‌లన్నమాట. క్యాంపెయిన్ వేసిన ప్రాంతమూ వేయని ప్రాంతమూ రెండిటి నంబర్లూ ముందు రెండు నెలల నుంచే తీసి పెట్టుకోవాలి, వేశాక మొదలుపెడితే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఈ పద్ధతి అసలు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. సబ్బు, బ్యాటరీ, పెన్ను లాంటివి ఎవరూ పేరు కొట్టి వెతికి కొనరు, అందరికీ తెలిసిన పేరుకి కూడా సెర్చ్ తక్కువే ఉంటుంది. ఆలోచించి, పోల్చి, ధర కనుక్కుని కొనేవాటికే ఇది పనిచేస్తుంది. అక్కడ కూడా ఇది పట్టేది పేరు తనంతట తను గుర్తొచ్చి, కొంచెం ఆసక్తి కూడా ఉన్నవాళ్ళని. లోగో చూపిస్తే "ఆ, ఎక్కడో చూశా" అనే వాళ్ళు ఈ లెక్కలోకి రారు. కాబట్టి రిపోర్ట్‌లో "ఇంత శాతం మందికి మనం తెలుసు" అని ఎప్పుడూ రాయకండి. తార రిపోర్ట్‌లో నేనైతే ఇలా రాస్తాను: కొత్తవాళ్ళ బ్రాండ్ సెర్చ్, కేటగిరీ పెరుగుదల తీసేశాక, ఆరు నెలల్లో 6.5 శాతం పెరిగింది, పోటీలో వాటా 5.2 నుంచి 5.8, కొనే ప్రశ్నల్లో మన స్థానాలు ఒక్కటే పెరిగాయి, వచ్చే క్వార్టర్ లెక్క తీశాక మళ్ళీ చూద్దాం.